ఒకే గిన్నె చికెన్ కూర, నలుగురికి నాలుగు తీరుల వడ్డన: ఎవరి ప్రోటీన్ ఎంతో తేల్చేదెలా?

వంటింటి_పద్దు
ఇంట్లో నలుగురం: నేను, మా వారు, ఇంటర్ చదువుతున్న అబ్బాయి, అత్తయ్య. కూర మాత్రం ఒకటే గిన్నె. అబ్బాయి జిమ్‌కు వెళ్తూ ఫోనులో ప్రోటీన్ లెక్క రాసుకుంటున్నాడు. మా వారికి డాక్టరు గారు నూనె తగ్గించమన్నారు. అత్తయ్యకు డెబ్బై దాటాయి, కాళ్లలో బలం తగ్గుతోంది, ఆవిడకు ప్రోటీన్ సరిపోతోందో లేదో చూడమన్నారు. అంటే ఒకే కూరకు మూడు రకాల లెక్కలు కావాలి.

ఆదివారం చికెన్ వండి, వేసినవన్నీ తూచి యాప్‌లో ఎక్కించాను. చర్మం తీసిన చికెన్ కిలో, ఉల్లిపాయలు 300 గ్రాములు, టమాటాలు 150, పెరుగు 100, వేరుశెనగ నూనె 55, ఎండుకొబ్బరి 20. ఎంతమందికి అని అడిగిన చోట నాలుగు అని ఇస్తే, తలా 52 గ్రాముల ప్రోటీన్ అంటోంది. అత్తయ్య ఒక్క ముక్క, కాస్త పులుసు వేసుకుని లేస్తారు. అబ్బాయి గిన్నె అడుగు కనిపించేదాకా లేవడు. ఇద్దరికీ 52 ఎలా అవుతుంది? మీ ఇళ్లలో ఈ పంపకం ఎలా చేస్తున్నారు?

పెద్దకంచం
మా ఇంట్లో పంపకం చాలా సులువు. రెండు లెగ్ పీసులూ పిల్లలకు, కందనకాయ మా నాన్నగారికి, మిగిలింది మాకు. ఇందులో గొడవ పడాల్సింది ఏముంది? అబ్బాయి ఎక్కువ తింటున్నాడని లెక్కలు తీస్తే పిల్లవాడు నొచ్చుకుంటాడండి.

వంటింటి_పద్దు
@పెద్దకంచం అయ్యో, ఎవరికి ఎంత పెట్టాలని కాదండి. ఎవరి కంచంలో ఎంత పడిందో తెలియాలి, అంతే. వాడు తిన్నంత తిననివ్వండి.

లెక్కల_మాస్టారు
మనుషుల సంఖ్యతో భాగించడం మానేయండి. బరువుతో భాగించాలి. ఖాళీ గిన్నె బరువు ముందే తూచి రాసుకోండి. కూర దించాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. వచ్చేది కూర నికర బరువు. వేసిన సరుకుల మొత్తం ప్రోటీన్‌ను దానితో భాగిస్తే గ్రాము కూరకు ఎంతో వస్తుంది. ఆపైన ఎవరి కంచంలో ఎన్ని గ్రాములు పడితే దాంతో గుణించడమే. నీళ్లు ఎన్ని పోశారు, ఎన్ని ఇగిరిపోయాయి అన్నది మీరు పట్టించుకోనక్కర్లేదు. నీళ్లకు ప్రోటీన్ లేదు, తూకంలో వాటి సంగతి దానంతట అదే తేలిపోతుంది.

డల్లాస్_కోడలు
మాస్టారు చెప్పిందే యాప్‌లో ఇంకా సులువుగా చేయొచ్చు. నికర బరువు 1700 గ్రాములు వచ్చిందనుకోండి, ఎంతమందికి అన్నచోట 1700 అని కొట్టండి. అప్పుడు ఒక్కో వడ్డన ఒక్కో గ్రాము. అత్తయ్యగారికి 180 గ్రాములు వడ్డిస్తే 180 వడ్డనలు అని రాస్తారు. అంత పెద్ద అంకె తీసుకోని యాప్ అయితే 170 ఇచ్చి, వడ్డన అంటే పది గ్రాములు అనుకోండి. నేనిక్కడ పప్పు, ఉప్మా, పులిహోర అన్నీ ఇలాగే రాస్తాను. గిన్నెల ఖాళీ బరువులన్నీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. చుట్టాలు చూసి పాత సామాను అమ్ముతున్నామేమో అనుకుంటారు.

తార్నాక_గాలి
మాస్టారు, పప్పుకైతే మీ పద్ధతికి తిరుగులేదు. మెదిపిన పప్పులో ఏ గరిటె తీసినా ఒకటే సరుకు. చికెన్ కూర అలా కాదు. ప్రోటీన్ దాదాపు అంతా ముక్కల్లో ఉంటుంది, నూనె, కొబ్బరి పులుసులో ఉంటాయి. వంద గ్రాముల ముక్కలూ, వంద గ్రాముల పులుసూ ఒకటి కావు. సగటు తీస్తే అబ్బాయి తిన్న ముక్కల ప్రోటీన్ కొంత తీసుకెళ్లి అత్తయ్యగారి ఖాతాలో వేసినట్టే. ఈ ఇంట్లో ఎవరి లెక్క తప్పకూడదో వాళ్ల లెక్కే తప్పుతుంది.

ఇంకొకటి, ఆ 52 అనే అంకెనే ముందు నమ్మకండి. మీరు కిలో చికెన్ అని రాశారు, యాప్ దాన్ని కిలో మాంసం అనుకుంది. పచ్చి మాంసంలో వందకు సుమారు 20 గ్రాముల ప్రోటీన్ చొప్పున 200 వేసి, పెరుగు, ఉల్లిపాయల వంటివాటికి మరో పది కలిపి, నాలుగుతో భాగించింది. ఆ కిలోలో ఎముకలు ఎన్ని?

వంటింటి_పద్దు
ఎముకలు తూచాలని తోచలేదండి, అప్పుడే పారేశాం. మళ్లీ ఆదివారం ఇదే కొలతతో వండుతాను. ఏమేం తూచాలో చెప్పండి.

తార్నాక_గాలి
నాలుగు తూకాలు చాలు. దించాక నికర బరువు ఒకటి. చిల్లుల గరిటెతో ముక్కలన్నీ వేరే పళ్లెంలోకి తీసి వాటి బరువు ఒకటి. నికర బరువులోంచి అది తీసేస్తే పులుసు బరువు తెలిసిపోతుంది, అది తూచనక్కర్లేదు. వడ్డించేటప్పుడు ఒక్కొక్కరికీ ముక్కలు ఎంత, పులుసు ఎంత అని విడివిడిగా. చివరికి ఎవరి కంచంలోని ఎముకలు వారివిగా తూచాలి.

నిప్పుల_కుంపటి
ఇది భోజనమా, బంగారం కొట్టా? మా అమ్మ ఆరుగురికి వండి పెట్టింది, ఒక్కనాడూ తూకం ముట్టలేదు, అందరం బాగానే ఉన్నాం.

జిమ్_సత్తి
ఇంత అవసరం లేదు అక్కా. వండిన చికెన్‌లో వందకు 27 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, పచ్చిదానిలో 20. వండితే పెరుగుతుంది. కాబట్టి కిలోకు 270 వేసుకుని ముక్కలు లెక్కపెట్టండి. పదహారు ముక్కలు అయితే ముక్కకు దాదాపు 17.

లెక్కల_మాస్టారు
@జిమ్_సత్తి వండితే ప్రోటీన్ పెరగదు నాయనా, నీళ్లు పోతాయి. కిలో మాంసం వండాక ముప్పావు కిలో అవుతుంది. అందులో వందకు 27 అంటే మొత్తం మళ్లీ 200 దగ్గరే. పచ్చి బరువుకు పచ్చి అంకె, వండిన బరువుకు వండిన అంకె. రెండూ కలిపేస్తే కిలోకు 70 గ్రాముల ప్రోటీన్ గాలిలోంచి పుట్టుకొస్తుంది. పైగా నువ్వూ ఎముకలు మరిచిపోయావు.

జిమ్_సత్తి
సరే మాస్టారు. కానీ ముక్కలు లెక్కపెట్టడం మాత్రం వదలను. హాస్టల్‌లో తూకం ఎక్కడ దొరుకుతుంది?

తార్నాక_గాలి
@జిమ్_సత్తి రొమ్ము ముక్కలు మాత్రమే కొట్టించుకుంటే ముక్కల లెక్క ఫర్వాలేదు. కూర కోసం కొట్టించిన కోడిలో మెడ ముక్క, రెక్క, తొడ అన్నీ ఒకటే అంటే కష్టం. మెడ ముక్కలో సగం ఎముకే.

సాంబారు_గరిటె
మాది వేరే బాధ. మా నాన్నగారికి ఇన్సులిన్. ఆయన భోజనంలో పిండిపదార్థం ఎంతో తెలిస్తే తప్ప మోతాదు కుదరదు. కూరలు, సాంబారు అన్నీ ఇలా గ్రాముల్లో రాస్తూ కూర్చున్నాం కొన్నాళ్లు. చివరికి చూస్తే తేడా అంతా అన్నం దగ్గరే వస్తోంది. కూర అటూ ఇటూ అయినా రెండు మూడు గ్రాములే. అన్నం ఒక గరిటె ఎక్కువ పడితే ఇరవై గ్రాములు.

డల్లాస్_కోడలు
@సాంబారు_గరిటె అన్నం ఎలా తూచుతున్నారు?

సాంబారు_గరిటె
ఇదే పద్ధతి. బియ్యం 300 గ్రాములు, అందులో పిండిపదార్థం సుమారు 234. కుక్కర్‌లో అన్నం 840 గ్రాములు అయింది, అంటే వంద గ్రాముల అన్నానికి 28. కొత్త బియ్యానికి, పాత బియ్యానికి నీళ్లు పీల్చుకోవడంలో తేడా ఉంటుంది కాబట్టి బస్తా మారినప్పుడల్లా మళ్లీ ఒకసారి తూస్తాం. మోతాదు మాత్రం డాక్టరు గారు రాసిచ్చిన లెక్క ప్రకారమే, మేము సొంతంగా ఏమీ మార్చం.

వంటింటి_పద్దు
వండాను, తూచాను. ఇవీ అంకెలు. కూర నికర బరువు 1710. ముక్కలు 810, అంటే పులుసు 900. రాత్రికల్లా గిన్నె ఖాళీ అయింది, అందరి కంచాల్లోని ఎముకలు కలిపి 270.

అబ్బాయి: ముక్కలు 320, పులుసు 100, ఎముకలు 80.
మా వారు: ముక్కలు 200, పులుసు 250, ఎముకలు 65.
అత్తయ్య: ముక్కలు 60, పులుసు 120, ఎముకలు 30.
మిగిలింది నా మధ్యాహ్నానికి, రాత్రికి కలిపి: ముక్కలు 230, పులుసు 430, ఎముకలు 95.

అత్తయ్య మెడ ముక్కే కావాలంటారు, అది మెత్తగా ఉంటుందట.

తార్నాక_గాలి
బంగారంలాంటి పద్దు. చూడండి.

కిలోలో ఎముకలు 270 పోతే పచ్చి మాంసం 730. వందకు 20 చొప్పున ప్రోటీన్ 146. పులుసులోకి వేసినవాటి ప్రోటీన్ ఓ పది. గిన్నె మొత్తానికి 156. నాలుగుతో భాగించినా తలా 39 రావాలి, 52 కాదు.

ఇప్పుడు ముక్కల బరువు 810లో ఎముకలు తీసేస్తే వండిన మాంసం 540. 146ను దానిలోకి పంచితే వంద గ్రాముల మాంసానికి 27. సత్తి చెప్పిన అంకె అదే, చూశారా. లెక్క దారిలోనే ఉందనడానికి ఇదొక గుర్తు. ఇక్కడ 20 వచ్చినా, 40 వచ్చినా ఎక్కడో తూకం తప్పినట్టు. పులుసుకు వందకు ఒక్క గ్రాము చిల్లర.

అబ్బాయి తిన్న మాంసం 240, కాబట్టి 65, పులుసుది ఒకటి, మొత్తం 66. మీ వారికి 39. మీకు, రాత్రికి కలిపి 41. అత్తయ్యగారు తిన్న మాంసం 30 గ్రాములే. ఎనిమిది, పులుసుది ఇంకొకటి చిల్లర, మొత్తం 9. నాలుగూ కూడితే మళ్లీ 156 దగ్గరికి రావాలి. వచ్చింది.

అదే మాస్టారి సగటు ప్రకారమైతే ఆవిడ 180 గ్రాములకు 16 వచ్చేది. యాప్ ఇచ్చింది 52.

వంటింటి_పద్దు
తొమ్మిదా! రోజుకు ఆవిడకు ఎంత కావాలి?

తార్నాక_గాలి
ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాములని ఇక్కడి జాతీయ పోషకాహార సంస్థ వారి సిఫారసు. 55 కిలోలు ఉంటే 45 గ్రాములు కాస్త దాటుతుంది. బలం తగ్గుతున్న వయసులో అంతకంటే ఎక్కువ కావాలా అన్నది ఆవిడను చూస్తున్న డాక్టరునే అడగండి, మూత్రపిండాల సంగతి కూడా చూసి చెప్తారు. మిగిలిన పూటల్లో పప్పు, పెరుగు, పాలు ఎంతో కూడా రాస్తేనే బొమ్మ పూర్తవుతుంది. ఒక్క కూర చూసి కంగారు పడకండి.

పెద్దకంచం
మెడ ముక్క బదులు తొడ ముక్క మెత్తగా ఉడికించి, ఎముక తీసి పెట్టండి. ఇందాకటి నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, లెగ్ పీసు ఒకటి అత్తయ్యగారికి.

లెక్కల_మాస్టారు
@తార్నాక_గాలి ఒప్పుకున్నాను, చికెన్‌కు రెండు ఖాతాలు ఉండాలి. కానీ ఒక అనుమానం. ముక్కల ప్రోటీన్ అంతా ముక్కల్లోనే ఉండిపోయిందని మీ ఊహ. రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పులుసు పొద్దుటికి జెల్లీలా గడ్డకడుతుంది. అది ఎముకల్లోంచి, మాంసంలోంచి దిగిన ప్రోటీనే కదా?

తార్నాక_గాలి
అవును, దిగుతుంది. ఎంత దిగిందన్నది ఉడికించిన సేపును బట్టి, ముక్కను బట్టి మారుతుంది, ఇంటి తూకంతో తేలదు. అత్తయ్యగారి 9 నిజానికి పదో, పదకొండో అయి ఉండొచ్చు. ముక్కలు విడిపోయేలా ఉడికిస్తే పీచులు కూడా పులుసులో కలుస్తాయి. అలాంటి కూరకు నా పద్ధతి కంటే మీ సగటు పద్ధతే నయం, కాకపోతే ఎముకలు ముందే తీసేయాలి. ఖీమాకు కూడా అంతే.

వంటింటి_పద్దు
మరి మా వారి నూనె?

తార్నాక_గాలి
నూనె 55, కొబ్బరిలో 13, పెరుగులో 4, మొత్తం 72 గ్రాముల కొవ్వు 900 పులుసులో ఉంది. వందకు 8. కోడి మాంసంలో సొంతంగా ఉన్నది వందకు నాలుగు చొప్పున 29. అందులోంచి కొంత కరిగి పులుసులోకి దిగుతుంది, దాన్ని వదిలేద్దాం. ఆయన వేసుకున్న 250 పులుసులో 20, ముక్కల్లో 7. మొత్తం 27. అబ్బాయి అంతకన్నా అరవై శాతం ఎక్కువ ముక్కలు తిన్నా వాడికి 21 దాటలేదు. మీ వారు ముక్కలు తగ్గించాల్సిన పని లేదు, అన్నంలో కలుపుకునే పులుసు 100కు తగ్గిస్తే కొవ్వు 15కు వస్తుంది.

ఒక జాగ్రత్త. పైన తేరిన నూనెతో సహా మొదటి గరిటె ఎవరికి పడితే వాళ్లకే ఎక్కువ నూనె. ప్రతిసారీ అడుగు నుంచి కలిపి తీస్తేనే ఈ అంకెలు నిలుస్తాయి.

మా_వారి_తరఫున
ఆ మొదటి గరిటె రుచి తెలియనివాళ్లు మాట్లాడే మాటలివి.

నిప్పుల_కుంపటి
అన్నీ సరే, కంచం తీసుకెళ్లి తూకం మీద పెడితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. తినే తిండి తూస్తే దిష్టి అనేది. మీ అత్తయ్యగారు ఏమీ అనలేదా?

వంటింటి_పద్దు
@నిప్పుల_కుంపటి అన్నారు! "నా ముద్దలు లెక్కపెడుతున్నావా?" అని అడిగారు. ఆ రోజంతా ముభావంగా ఉన్నారు. అసలు ఇబ్బంది అదే. ఎముకలు తూచడమైతే మరీ. కంచాలు తీసేటప్పుడు వంటింట్లోకి తీసుకెళ్లి చాటుగా తూచాను.

డల్లాస్_కోడలు
కంచాన్ని ముట్టుకోకుండా తూచే దారి ఉంది. కూర గిన్నెనే తూకం మీద పెట్టి, బటన్ నొక్కి సున్నా చేయండి. ఒకరికి వడ్డించగానే తెర మీద మైనస్ 180 అని వస్తుంది. అదే వాళ్ల వాటా. రాసుకుని మళ్లీ సున్నా చేసి తర్వాతి వాళ్లకు వడ్డించండి. ముక్కలు ఒక గిన్నెలో, పులుసు ఒక గిన్నెలో ఉంటే ఇంకా హాయి. చూసేవాళ్లకు మీరు గిన్నెలోంచి వడ్డిస్తున్నట్టే ఉంటుంది.

వేడి గిన్నె నేరుగా పెట్టకండి, కింద చెక్క పలక వేసి, దాంతో సహా సున్నా చేయండి. ఇంటి తూకాలు చాలావరకు ఐదు కిలోలకు మించి మోయవు, కుక్కర్‌తో సహా ఎక్కిస్తే ఊరికే తప్పు చూపిస్తాయి.

సాంబారు_గరిటె
మేము గరిటెను ఒకసారి తూచి వదిలేశాం. మా పప్పు గరిటె నిండుగా తీస్తే 80 గ్రాములు. ఇక గరిటెలు లెక్కపెట్టడమే. అమ్మకు కూడా అభ్యంతరం లేదు, ఎప్పుడూ గరిటెలతోనే కదా వడ్డించేది.

లెక్కల_మాస్టారు
పప్పుకు బాగుంటుంది. సాంబారుకు మాత్రం అడుగుదాకా కలపాలి. తేట పైన నిలుస్తుంది, పప్పు అడుక్కు చేరుతుంది. ముందు తిన్నవాళ్లకు నీళ్లు, ఆఖర్న తిన్నవాళ్లకు పప్పు.

రాత్రి పూట సంగతి కూడా ఒకటి చెప్తాను, దీన్ని చాలామంది మరిచిపోతారు. కందిపప్పు 200 వేస్తే ప్రోటీన్ 43. వండాక 1100 గ్రాములు, వందకు 3.9. మధ్యాహ్నం 600 అయిపోతే 500 మిగిలింది, అందులో 19.5 ఉంది. రాత్రి వేడి చేసేసరికి అది చిక్కబడి 430కి వస్తుంది. ప్రోటీన్ తగ్గలేదు, నీళ్లే తగ్గాయి. ఇప్పుడు వందకు 4.5. మధ్యాహ్నపు అంకెతోనే రాస్తే రాత్రి తిన్నవాళ్లకు తక్కువ పడుతుంది. వేడి చేశాక ఒకసారి తూచి మార్చుకోవాలి, లేదా ఇగిరినన్ని నీళ్లు పోసి మళ్లీ 500కు తేవాలి.

జిమ్_సత్తి
నీళ్లు పోసి మళ్లీ పలచన చేసే పప్పు ఎవరు తింటారు మాస్టారు!

లెక్కల_మాస్టారు
మా ఇంట్లో అలవాటే. తినేది నేను, పోసేది మా ఆవిడ.

నిప్పుల_కుంపటి
నా మాట అదే. రోజూ ఇలా చేస్తే వంట మీద విసుగొస్తుంది. కానీ వరుసగా నాలుగు వారాలు చూస్తే ఇంట్లో ఎవరు ఎంత తింటారో తెలిసిపోతుంది, ఆ తర్వాత తూకం పెట్టెలో పెట్టేయొచ్చు.

సాంబారు_గరిటె
@నిప్పుల_కుంపటి మీ ఇంట్లో కుదురుతుందేమో. ఇన్సులిన్ ఉన్న ఇంట్లో అన్నం తూకం పెట్టెలో పెట్టలేం.

తార్నాక_గాలి
నిప్పుల_కుంపటి గారితో సగం ఏకీభవిస్తాను. పద్దు గారింట్లో అబ్బాయికి తూకం అక్కర్లేదు, వాడు 60 తిన్నా 70 తిన్నా సరిపోతుంది. అత్తయ్యగారి వాటా ఒక్కటి చూసుకుంటే చాలు. తక్కువ తినేవాళ్ల దగ్గర ఒక ముక్క తేడా వస్తే లెక్క సగానికి సగం మారిపోతుంది.

వంటింటి_పద్దు
ఈసారి తొడ ముక్క ఎముక తీసి, 60 గ్రాముల మాంసం పెట్టాను. మెత్తగా ఉందని తిన్నారు. డల్లాస్_కోడలు చెప్పినట్టు గిన్నెనే తూకం మీద పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. 60కి వందకు 27 చొప్పున 16, పులుసుతో 17. సరేనా?

తార్నాక_గాలి
సరే. అదే కోడి, అదే కొలత అయితే. రొమ్ముకూ తొడకూ కొంచెం తేడా ఉంటుంది, ఒకట్రెండు గ్రాములు అటూ ఇటూ.

గంజి_ప్రియ
ఆలస్యంగా చూశాను. ఒక ప్రశ్న. మేము అన్నం గంజి వార్చి వండుతాం. గంజిలో పోయిన పిండిపదార్థం ఎలా తీసేయాలి? బియ్యం లెక్క మొత్తం అన్నానికే వేస్తే ఎక్కువ పడుతుంది కదా?

సాంబారు_గరిటె
ఎక్కువే పడుతుంది. ఎంత ఎక్కువో మాకు తేలకే కుక్కర్‌కు మారాం. గంజిని తూచి, చిన్న పళ్లెంలో ఎండబెట్టి, మిగిలిన పొడి బరువు చూద్దామని మా తమ్ముడు అన్నాడు. చీమలు పట్టాయి.

గంజి_ప్రియ
గంజి మా ఇంట్లో ఉప్పు వేసుకుని నేనే తాగుతాను. అంటే తేడా అంతా నా ఖాతాలో వేసుకోవాలన్నమాట.

లెక్కల_మాస్టారు
పొయ్యి మీద సన్న మంటన ఇగిరించి చూడండి, చీమల బాధ ఉండదు. మాడనివ్వకుండా ఆఖర్న మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టాలి. అంకె వస్తే ఇక్కడ పెట్టండి.